రోజు ఎవరి అర్ధరాత్రికి మూయాలి: మనదా, న్యూయార్క్‌దా?

పచ్చళ్లబ్బాయి: విజయవాడ నుంచి అమెరికాకు పచ్చళ్లు, పిండివంటలు పంపుతాం. ఆర్డర్ల బ్యాచ్, సేల్స్ రిపోర్టు రెండూ మన రాత్రి 12కి కట్ అవుతాయి. కొరియర్ పికప్ సాయంత్రం 4కి. నెల మొత్తం పేమెంట్ గేట్‌వే లెక్కతో దాదాపు కలుస్తుంది కానీ రోజువారీ లెక్క ఎప్పుడూ కలవదు. అన్నీ న్యూయార్క్ టైముకి మార్చేద్దాం అంటాడు మా పార్ట్‌నర్. మార్చాలా?

సర్వర్‌గది: దీనికి చర్చ ఎందుకు బ్రో? అన్నీ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో పెట్టెయ్. గొడవ ఉండదు.

నైట్‌షిఫ్ట్: దాచడం వరకూ యూటీసీ కరెక్టే. రిపోర్టు కూడా అందులోనే తీస్తే మన రోజు తెల్లవారుజామున 5:30కి మొదలవుతుంది. ఇక్కడ ఎవరికీ పనికిరాని రోజు అది.

పచ్చళ్లబ్బాయి గారూ, ముందు ఒకటి చూడండి. కలవని ఆర్డర్లు ఏ టైమువి? అన్నీ మన రాత్రి 12 నుంచి 5:30 మధ్యవే అయితే మీ గేట్‌వే రోజు యూటీసీలో నడుస్తున్నట్టే. జులై 10 రాత్రి ఒంటిగంట ఆర్డరు మీకు 10వ తేదీది, యూటీసీలో ఇంకా 9వ తేదీ రాత్రి 7:30. ఆ ఐదున్నర గంటలూ న్యూయార్క్‌లో మధ్యాహ్నం 2:30 నుంచి రాత్రి 8 వరకు, అంటే మంచి బేరం నడిచే టైము. అందుకే తేడా అంత కనిపిస్తుంది.

చీరలమ్మాయి: మాకూ ఇదే టెన్షన్. "ఈ రాత్రి 12 వరకే ఆఫర్" అని లైవ్‌లో చెప్పాం. డాలస్ వాళ్లు వాళ్ల రాత్రి 12 అనుకున్నారు. ఆఫర్ వాళ్లకు మధ్యాహ్నం ఒకటిన్నరకే ఆగిపోయింది. ఇప్పుడు ఊరి పేరుతో సహా టైము రాస్తున్నాం.

మెల్‌బోర్న్ వదిన: నా గోంగూర పార్సిల్ పోయినసారి వారం లేటు. ఇదేనా కారణం?

నైట్‌షిఫ్ట్: వారం అంటే అది కస్టమ్స్ దగ్గరో, కొరియర్ దగ్గరో ఆగి ఉంటుంది వదినా. కట్-ఆఫ్ వల్ల పోయేది మహా అయితే ఒక రోజు.

ఆ ఒక్క రోజూ ఎలా పోతుందో చెబుతా. ఎండాకాలంలో సోమవారం మధ్యాహ్నం 3కి న్యూయార్క్‌లో ఆర్డరు పెట్టారు. మనకు అప్పటికే మంగళవారం రాత్రి 12:30. అరగంట క్రితమే బ్యాచ్ మూసేశారు కాబట్టి అది మంగళవారం అర్ధరాత్రి బ్యాచ్‌లోకి వెళ్లి, బుధవారం 4 గంటల పికప్‌కి బయల్దేరుతుంది. కట్-ఆఫ్ మన మధ్యాహ్నం ఒంటిగంటకు పెడితే మంగళవారమే వెళ్లిపోతుంది. ప్యాకింగ్‌కి మూడు గంటలు చాలవంటే 12కి పెట్టుకోండి. ఒంటిగంట అన్నది ఎందుకంటే, ఎండాకాలంలో అప్పటికి కాలిఫోర్నియాలో కూడా అర్ధరాత్రి దాటుతుంది. చలికాలంలో అక్కడ 11:30 అవుతుంది, పెద్ద నష్టం లేదు.

కాబట్టి బ్యాచ్‌కి న్యూయార్క్ టైము అక్కర్లేదు, పికప్‌ని బట్టి పెట్టాలి. బ్యాచ్‌కి తేదీ కాకుండా వరుస నంబరు ఇవ్వండి. ఏ ఆర్డరు ఏ బ్యాచ్‌లో వెళ్లిందో తేదీతో వెతకాల్సిన పని ఉండదు.

లెక్కలక్క: ఖాతా పుస్తకాలు మాత్రం మన టైములోనే ఉండాలి తమ్ముడూ. మార్చి 31 మధ్యాహ్నం 3కి న్యూయార్క్‌లో వచ్చిన ఆర్డరుకి వెంటనే ఇన్‌వాయిస్ వేస్తే ఇక్కడ ఏప్రిల్ 1, కొత్త ఆర్థిక సంవత్సరం. పార్ట్‌నర్ మాట విని ఆ తేదీలు మారిస్తే సంవత్సరమే మారిపోతుంది.

సర్వర్‌గది: సరే, అమెరికా సేల్స్ రిపోర్టుకి యూటీసీ టైములోంచి నాలుగు గంటలు తీసేస్తే సరిపోతుందిగా?

నైట్‌షిఫ్ట్: నవంబరు మొదటి ఆదివారం దాకా సరిపోతుంది. ఆ రోజు వాళ్ల గడియారం గంట వెనక్కి వెళ్తుంది, ఆ రోజుకి 25 గంటలు. అప్పటి నుంచి అయిదు తీయాలి. నాలుగే తీస్తూ పోతే రాత్రి 11 నుంచి 12 మధ్య ఆర్డర్లు మర్నాటి ఖాతాలో పడతాయి. అంకె రాయకుండా ఊరి పేరు రాస్తే పోస్ట్‌గ్రెస్ డేటాబేసే చూసుకుంటుంది:

```sql
SELECT (paid_at AT TIME ZONE 'America/New_York')::date AS sale_day,
       SUM(amount)
FROM orders GROUP BY 1;
```

`paid_at` కాలమ్ `timestamptz` అయితేనే ఇది పనిచేస్తుంది. లెక్కలక్క గారికి ఇదే క్వెరీ `Asia/Kolkata` పెట్టి తీయండి. రిపోర్టు పేరులో మాత్రం ఏ టైమో కనిపించాలి.

చీరలమ్మాయి: రెండు రిపోర్టులుంటే మీటింగులో ఎవరి అంకె వాళ్లు చదువుతారు. మా దగ్గర అదే జరిగింది. ఒక్కటే ఉండాలంటాను.

నైట్‌షిఫ్ట్: మన అర్ధరాత్రి వాళ్ల శనివారం సేల్‌ని మధ్యలో రెండు ముక్కలు చేస్తుందండి. ఒక్క రిపోర్టే ఉంటే ఏ ప్రకటన పనిచేసిందో ఎలా చూస్తారు?

పచ్చళ్లబ్బాయి: చూశాను, తేడా వచ్చినవన్నీ 12 నుంచి 5:30 లోపువే. కట్-ఆఫ్ రేపటి నుంచి ఒంటిగంట. ఖాతాలు మన టైములోనే. అమెరికా రిపోర్టుకి పార్ట్‌నర్ న్యూయార్క్ అంటున్నాడు, మా కస్టమర్లలో సగం టెక్సస్, కాలిఫోర్నియా వాళ్లు. అది ఇంకా తేలలేదు.