గడువు తీరని గిఫ్ట్ వోచర్ల సొమ్మును ఈ ఏడాది ఆదాయంలో చూపవచ్చా?

ప్రశ్న: విజయనగరం, బట్టల దుకాణం లెక్కలు చూసేవాడిని

గంటస్తంభం దగ్గర మా మావయ్య గారి బట్టల దుకాణం ఉంది. దసరాకూ పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికీ ముందు వెయ్యి రూపాయల గిఫ్ట్ వోచర్లు నాలుగు వందలు అమ్మాం. గడువు ఏడాది. మార్చి 31 నాటికి 2,70,000 రూపాయల వోచర్లు తిరిగి వచ్చాయి, 1,30,000 రూపాయలవి రాలేదు. డబ్బు వాపసు ఇవ్వబోమని వోచరు మీదే ఉంది కాబట్టి ఆ మిగిలినదంతా ఈ ఏడాది ఆదాయమేనని మావయ్య అంటున్నారు. గడువు తీరేదాకా పైసా కూడా చూపకూడదని ఆడిటరు గారి గుమాస్తా అంటున్నారు. ఎవరి మాట వినాలి?

బొబ్బిలి, హోల్‌సేల్ వ్యాపారి

గుమాస్తా గారి మాటే సరైనది. వాపసు ఇవ్వకపోయినా సరుకు ఇవ్వాల్సిన బాకీ మీ మీద ఉంది, కాబట్టి అది అప్పుల వైపే ఉండాలి. గడువు తీరిన మర్నాడు మొత్తం మీ సొంతం అవుతుంది. అప్పుడు కూడా దానిని అమ్మకాల్లో కలపనక్కర్లేదు. సరుకు కదలలేదు గనుక జీఎస్టీ లేదు, జీఎస్టీ లేదు గనుక ఆదాయపు పన్నూ లేదు. నేరుగా యజమాని పెట్టుబడి ఖాతాకు జమ వేసుకోండి.

చీపురుపల్లి, చెప్పుల దుకాణం

మా దగ్గరా ఇదే తలనొప్పి ఉంది. మూడు వేల రూపాయల సరుకు కొన్నవారికి తర్వాతి కొనుగోలులో వాడుకోవడానికి మూడు వందల కూపన్ ఇస్తున్నాం. వాటిలో సగం కూడా తిరిగి రావు. మేము కూడా వాటిని అప్పుగా రాయాలా?

శ్రీకాకుళం, ఆడిటరు

చెప్పుల దుకాణం వారి కూపన్లకు విడిగా డబ్బు పుచ్చుకోలేదు. వాటిని అమ్మిన వోచర్ల ఖాతాలో కలపకండి. చిన్న దుకాణానికి, కూపన్ వాడిన రోజున బిల్లులో తగ్గింపు చూపితే సాధారణంగా సరిపోతుంది.

ఇక బొబ్బిలి వారు చెప్పినదానిలో జీఎస్టీ మాట నిజం. వాడకుండా మిగిలిపోయిన వోచర్ల సొమ్ము మీద జీఎస్టీ లేదని 2024 డిసెంబర్ 31 నాటి సర్క్యులర్ స్పష్టం చేసింది. అయితే దాని వెనుకే ఆదాయపు పన్ను కూడా లేదనడం ప్రమాదకరం. వ్యాపార లావాదేవీలలో కొనుగోలుదారుల నుంచి పుచ్చుకుని, వారు అడగకుండా మిగిలిపోయిన సొమ్మును లాభనష్టాల ఖాతాకు మార్చుకున్నప్పుడు అది ఆదాయమేనని టి.వి. సుందరం అయ్యంగార్ కేసులో 1996లోనే సుప్రీంకోర్టు తేల్చింది. దానిని పెట్టుబడి ఖాతాలో దాచినంత మాత్రాన దాని స్వభావం మారదు.

అడిగిన ప్రశ్నకు వస్తే, మీ మావయ్య గారి పద్ధతి ఏ ప్రమాణానికీ నిలవదు. కానీ గుమాస్తా గారు చెప్పినది ఒక్కటే మార్గం అని కూడా అనలేను. 2018 ఏప్రిల్ 1 నుంచి పెద్ద కంపెనీలకు వర్తిస్తున్న ఇండ్ ఏఎస్ 115 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం, ఎంత భాగం తిరిగి రాదో పాత అనుభవాన్ని బట్టి నమ్మకంగా అంచనా వేయగలిగితే, గడువు కోసం ఆగకుండా వాడకం జరుగుతున్న కొద్దీ ఆ భాగాన్ని ఆదాయంలోకి తీసుకోవాలి. మీ అంకెలతోనే చూద్దాం. నాలుగు లక్షలలో పదో వంతు, అంటే 40,000 రాదని అంచనా అనుకుంటే, రావలసినవి 3,60,000. వచ్చినవి 2,70,000, అంటే ముప్పావు వంతు. కాబట్టి 40,000లో ముప్పావు వంతు 30,000 ఈ ఏడాది ఆదాయం, మిగిలిన లక్ష రూపాయలు అప్పుగానే ఉంటాయి. మావయ్య గారు కోరుకున్న 1,30,000కీ, గుమాస్తా గారు చెప్పిన సున్నాకీ మధ్య అంకె ఇది.

ఈ లెక్కకు ప్రాణం ఆ పదో వంతు అంచనా. గతంలో అమ్మిన వోచర్లలో ఎన్ని తిరిగి వచ్చాయో రిజిస్టరు లేకపోతే అది ఊహ మాత్రమే, అప్పుడు గడువుదాకా ఆగక తప్పదు. పైగా మీది యజమాని సొంత దుకాణం, ఆ ప్రమాణం మీకు వర్తించదు. పాత అకౌంటింగ్ ప్రమాణమైన ఏఎస్ 9లో వోచర్ల కోసం ఇలాంటి సూత్రమేదీ విడిగా లేదు. కాబట్టి ఆగడమే మేలని నా అభిప్రాయం, ఒప్పుకోని ఆడిటర్లూ ఉన్నారు.

అసలు దీనికంటే ముందు ఒకటి సరిచూసుకోండి. 2,100 రూపాయల చీర కొన్నవారు వోచరు ఇస్తే మీ బిల్లు ఎలా పడుతోంది?

విజయనగరం, బట్టల దుకాణం లెక్కలు చూసేవాడిని

కౌంటరులో అబ్బాయి వెయ్యి రూపాయలు డిస్కౌంటుగా కొట్టి 1,100కు బిల్లు ఇస్తున్నాడు. వోచరుకు రంధ్రం చేసి తీగకు గుచ్చి పెడుతున్నాం.

శ్రీకాకుళం, ఆడిటరు

అయితే మీ కొంప అక్కడే మునుగుతోంది. ఆ చీర ధరలో అసలు విలువ 2,000, ఐదు శాతం పన్ను 100. అమ్మకం, పన్ను పూర్తి ధర మీదే పడాలి. అందులో వెయ్యి వోచరు ద్వారా, 1,100 నగదుగా వచ్చినట్టు రాయాలి. వోచరు తగ్గింపు కాదు, ముందే అందిన డబ్బు. మీరు చేస్తున్నట్టు చేస్తే అమ్మకం తక్కువ కనిపిస్తుంది, పన్ను తక్కువ కడతారు, వోచర్ల ఖాతాలో నాలుగు లక్షలూ కదలకుండా కూర్చుంటాయి. పట్టుకోవడం తేలిక: తీగకు గుచ్చిన వోచర్లు లెక్కపెట్టి, అమ్మినవాటిలో నుంచి తీసివేస్తే వచ్చే అంకె, మార్చి 31న వోచర్ల ఖాతా నిల్వతో సరిపోవాలి.

ఆ తేడాను సరిచేసి, తక్కువ పడిన పన్ను కట్టిన తర్వాతే మిగిలిన వోచర్ల సంగతి మాట్లాడుకోవాలి.

బొబ్బిలి, హోల్‌సేల్ వ్యాపారి

ఆదాయపు పన్ను విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. కానీ గడువు తీరిన మర్నాడు మొత్తం ఆదాయమే కదా? అందులో వాదానికి తావు ఎక్కడుంది?

విజయనగరం, బట్టల దుకాణం లెక్కలు చూసేవాడిని

నాకు అక్కడే సందేహం. గడువు దాటిందని మావయ్య ఎవరినీ వెనక్కి పంపరు. పెళ్లికి అందిన వోచరు బీరువాలో ఉండిపోయిందని రెండేళ్ల తర్వాత వచ్చినవారికి కూడా చీర ఇచ్చారు. ఊళ్లో తెలిసిన ముఖాలు, కాదంటే బాగుండదని ఆయన మాట.

శ్రీకాకుళం, ఆడిటరు

వోచరు మీద అచ్చు వేసిన తేదీ కంటే దుకాణం నడవడికే నాకు ముఖ్యం. తీరిన వోచర్లను ఎప్పుడూ తీసుకునే దుకాణంలో, గడువు రోజున అప్పు తీరిపోయిందని రాయడం కాగితానికి మాత్రమే సరిపోతుంది. ఆలస్యంగా వచ్చినవి గడువు దాటిన ఎన్ని నెలలకు వచ్చాయో తీగ మీది వోచర్లను చూసి ఒక పట్టీ వేయండి. దాదాపు అన్నీ ఆరు నెలల్లోపే వచ్చి ఉంటే, గడువు తర్వాత ఆరు నెలలకు ఆదాయంలోకి మార్చే పద్ధతిని రాసి పెట్టుకుని, ఏటా అదే పాటించండి. లాభం తగ్గిన ఏడు ముందుకూ, పెరిగిన ఏడు వెనక్కూ జరపకండి. అసెస్‌మెంటులో అధికారి మాత్రం గడువు తేదీనే పట్టుకుని కూర్చోవచ్చు, దానికి సిద్ధంగా ఉండండి.

బొబ్బిలి, హోల్‌సేల్ వ్యాపారి

అలా ఆదాయంలోకి మార్చేసిన తర్వాత ఎవరైనా వస్తే? అప్పుడు ఆ వోచరుకు విలువ లేదు, మీరు దయతలచి తగ్గిస్తున్నారంతే. కాబట్టి ఆ రోజున 1,100కే బిల్లు వేసి, దాని మీదే పన్ను కట్టవచ్చునని నేనంటాను.

శ్రీకాకుళం, ఆడిటరు

ఆ వెయ్యి రూపాయలు మీ గల్లాలోకి నిజంగానే వచ్చాయి, సరుకు ఇప్పుడు వెళుతోంది. నేనైతే పూర్తి ధర మీదే పన్ను కట్టించి, ఆ వెయ్యిని ఈ ఏడాది తీరిన వోచర్ల ఆదాయంలో నుంచి తీసివేయిస్తాను. మీ వాదనకు చట్టంలో బొత్తిగా ఆధారం లేదని మాత్రం అనను.