చెవులు చిల్లులు పడే నిశ్శబ్దం: తప్పు తెలుగా?

సబ్‌టైటిల్స్ అమ్మాయి: ఒక ఇంగ్లీష్ సిరీస్‌కి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నా. డెఫెనింగ్ సైలెన్స్ అని వస్తే "చెవులు చిల్లులు పడే నిశ్శబ్దం" అని పెట్టా. మా సీనియర్ గారు కొట్టేశారు, చప్పుడే లేనప్పుడు చిల్లులు ఎలా పడతాయమ్మా అన్నారు. మరి తియ్యని బాధ అంటే అందరికీ అర్థమవుతోంది కదా? దీన్ని ఉంచాలా తీసెయ్యాలా?

గోదారిగట్టు: ఉంచండి. ఇదంతా అలవాటు మీద నడిచే వ్యవహారం. తియ్యని బాధ అన్నది మనం చిన్నప్పట్నుంచీ విన్నాం కాబట్టి లోపల ఏముందో విడదీసి చూడం, మొత్తంగా ఒకే మాటలా తీసుకుంటాం. మీ మాట కూడా పదిసార్లు వింటే అదే అలవాటైపోతుంది. పైగా మన అలంకారాల్లో దీనికి విరోధాభాసం అని పేరే ఉంది, కొత్తదేం కాదు.

పాతబడి మాస్టారు: పేరు సరిగ్గానే చెప్పారు గానీ అలవాటు అన్న కారణం నిలవదండి. అలవాటే కారణమైతే కొత్తగా పుట్టించింది అర్థం కాకూడదు. "పెళ్లివాళ్లు వెళ్లిపోయాక ఇంటినిండా కిక్కిరిసిన ఖాళీ" అన్నాననుకోండి, ఇది మీరు ఎప్పుడూ విని ఉండరు, అయినా ఠక్కున అందింది కదా. ఇప్పుడు "చప్పుడైన నిశ్శబ్దం" అని చూడండి. ఇదీ కొత్తదే, కానీ అక్కడే ఆగిపోతాం, ఏమిటి దీని భావం అని వెనక్కి వెళ్తాం. రెండిట్లోనూ విరోధం ఉంది, ఒకటి నడిచింది, ఒకటి నడవలేదు.

తేడా ఎక్కడుందంటే, రెండోదాంట్లో నిశ్శబ్దానికి సరిగ్గా ఎదురు మాట తెచ్చి పెట్టాం. చప్పుడు అన్న మాటలో చప్పుడు తప్ప ఇంకేం లేదు, దాన్ని నిశ్శబ్దం రద్దు చేసేస్తే మిగిలేది సున్నా. కిక్కిరిసిన అన్నది అలా కాదు. అందులో నిండుదనంతో పాటు ఒత్తిడి ఉంది, ఊపిరాడకపోవడం ఉంది, తప్పించుకోడానికి చోటు లేకపోవడం ఉంది. ఖాళీ వచ్చి నిండుదనాన్ని కొట్టేసినా మిగతావన్నీ బతికే ఉంటాయి, వినేవాళ్లు వాటినే పట్టుకుంటారు. యెషాయాహు షెన్ అనే ఇజ్రాయెల్ పరిశోధకుడు 1987లో కవిత్వంలో వచ్చే ఇలాంటి మాటల మీద రాశాడు. కవులు సూటిగా ఎదురు మాట వాడటం తక్కువ, దానికి బదులు ఆ ఎదురు మాట కిందికి వచ్చే ఒక విడి రకాన్ని తెస్తారు అని ఆయన గమనించాడు. శబ్దం బదులు ఈల, ఘోష, చెవులు పగలడం, అలాగన్నమాట.

కరీంనగర్ జెనరేటర్: అన్నా మీరు ఏమేమో అంటున్నరు గాని నాకైతే ఇది అక్షరాల నిజం. నేను పెద్ద జెనరేటర్ పక్కన నైట్ డ్యూటీ చేస్త. అది ఒక్కసారి బంద్ అయితే సప్పుడు లేకపోవుడే చెవులకు కొట్టినట్టయితది, గుయ్యిమంటది. ఇంట్ల కూడ అంతే, కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే మెలకువ వస్తది, సప్పుడుకు రాదు. మరి గిది ఉపమానం ఎట్లయితది?

రమణమ్మ పిన్ని: బాబూ, చెవిలో గుయ్యిమంటుంటే ఆలస్యం చెయ్యకు, చెవి డాక్టర్‌కి చూపించుకో. మా ఆయనకీ ఇలాగే మొదలైంది, పట్టించుకోక చాలా ఇబ్బంది పడ్డారు. ఆ అమ్మాయి కూడా చూపించుకుంటే మంచిది.

పాతబడి మాస్టారు: పిన్నిగారూ, అమ్మాయి అడిగింది మాట గురించే లెండి, కానీ జెనరేటర్ పక్కన పనిచేసే తమ్ముడికి మీ సలహా సరైనదే, చెవులకి రక్షణ పెట్టుకోవాలి. అయితే వినికిడి బాగున్నవాళ్లకీ ఇది జరుగుతుంది. 1953లో హెల్లర్, బర్గ్‌మన్ అనే ఇద్దరు 80 మందిని సౌండ్‌ప్రూఫ్ గదిలో కూర్చోబెట్టి ఏం వినిపిస్తోందో రాయమంటే నూటికి తొంభై మందికి పైగా ఏదో ఒక శబ్దం వినిపించిందనే రాశారు. కాబట్టి నిశ్శబ్దం హోరెత్తడం కొంతవరకు ఒంటికి తెలిసిన అనుభవమే.

కానీ దాంతోనే మొత్తం తేలదు. "నాయకుడి నిశ్శబ్దం చెవులు బద్దలు కొడుతోంది" అని పేపర్లో రాస్తే అక్కడ ఎవరి చెవీ గుయ్యిమనదు. అక్కడ పనిచేసేది, రావలసిన చప్పుడు రాకపోవడం. మీ ఫ్యాన్ విషయం కూడా నిజానికి ఇదే, తమ్ముడూ. ఉండాల్సింది ఆగిపోయింది, ఆ ఆగడం ఒక సంఘటన. 2023లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్లు దీన్నే పరీక్షించారు. ఒక పొడవాటి శబ్దం, మొత్తం అంతే నిడివి ఉన్న రెండు ముక్కల శబ్దం కన్నా ఎక్కువసేపు ఉన్నట్టు మనకి అనిపిస్తుంది, అది భ్రమ. శబ్దాల బదులు నిశ్శబ్దాలు పెడితే, అంటే చుట్టూ గోల ఉండి మధ్యలో నిశ్శబ్దపు ముక్కలు వస్తే, అదే భ్రమ మళ్లీ కలిగింది. అంటే చెవి నిశ్శబ్దాన్ని లేనిదానిగా కాక, ఉన్నదానిలాగే లెక్కేస్తోంది. ఉన్నదానికి బరువూ దెబ్బా అంటగట్టడం మనకి కష్టం కాదుగా.

గోదారిగట్టు: సరే మాస్టారూ, అలవాటు ఒక్కటే అన్నది వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒక రూల్ ఉందనిపిస్తోంది. తెలుగులో చివరి మాట అసలు వస్తువు, ముందు మాట దాని రంగు. తియ్యని బాధ అంటే అది బాధే, తీపి రంగు మాత్రమే. కాబట్టి గొడవే లేదు.

అత్తిలి అబ్బాయి: మరి జీవచ్ఛవం? చివర శవం ఉంది, కానీ మనం అనేది బతికున్న మనిషిని. ఇక్కడ అసలు వస్తువు ముందు మాటలో ఉంది, శవమే రంగు. మీ రూల్ తిరగబడింది కదండీ.

పాతబడి మాస్టారు: అవును, జీవచ్ఛవం దగ్గర అది విరిగిపోతుంది. ఇంకొకటి, పాత సంస్కృత పద్ధతిలో చాలా విరోధాభాసాలు అసలు ఇలా పనిచెయ్యవు. "హారం లేకపోయినా హారిణివే" అన్న తరహా చూడండి. హారిణి అంటే హారం ఉన్నది అనుకుంటే విరోధం, మనసు హరించేది అనుకుంటే విరోధం మాయం. అక్కడ రెండర్థాలున్న ఒక్క మాట మీదే ఆట అంతా, రెండో అర్థం తెలియగానే విరోధం పూర్తిగా పోతుంది. తియ్యని బాధలో అలా పోదు, అర్థమయ్యాక కూడా రెండూ నోట్లో ఉంటాయి. రెండిట్నీ ఒకే గాటన కట్టడం నాకు ఇష్టం లేదు.

రమణమ్మ పిన్ని: ఇది మాత్రం నాకు తెలుసు నాయనా. మా అమ్మాయి అప్పగింతలప్పుడు ఏడుస్తూనే ఉన్నా, మంచి ఇంటికి వెళ్తోందన్న సంతోషమూ అదే నిమిషంలో ఉంది. ఉగాది పచ్చడిలో వేపపువ్వూ బెల్లమూ వేరువేరుగా తిన్నట్టు కాదు, ఒకే ముద్ద.

అత్తిలి అబ్బాయి: ఒకే ముద్దా, లేక క్షణం ఇది క్షణం అది వేగంగా మారుతుంటే ఒకటే అనిపిస్తుందా పిన్నీ? నాకైతే పచ్చడిలో ముందు తీపి, వెనకాల చేదు తగులుతుంది.

పాతబడి మాస్టారు: ఈ గొడవ సైకాలజీ వాళ్లలోనూ ఉంది. సంతోషం, దుఃఖం ఒకే గీతకి రెండు చివరలు, ఒకేసారి రెండు చివరలా నిలబడలేం అని ఒక వర్గం. 2001లో లార్సెన్ బృందం కాలేజీ హాస్టల్ ఖాళీ చేసే రోజు, పట్టా తీసుకునే రోజు పిల్లల్ని అడిగితే, మామూలు రోజుల కన్నా ఎక్కువమంది రెండూ ఉన్నాయన్నారు. వేగంగా మారడమే అనేవాళ్లు దాంతో ఊరుకోలేదు. నేను పిన్నిగారి పక్షం.

సబ్‌టైటిల్స్ అమ్మాయి: థాంక్యూ అందరికీ. సీన్ చెప్పలేదు కదా, తల్లి "నాన్న ఎక్కడ?" అని అడుగుతుంది, కొడుకు జవాబు చెప్పడు, ఫ్రిజ్ శబ్దం కూడా ఆగిపోతుంది.

పాతబడి మాస్టారు: అయితే మీ సీనియర్ గారి కారణం తప్పు గానీ కొట్టెయ్యడం కరెక్టేనమ్మా. చెవులు చిల్లులు పడటం అన్నది మనం మైకుల గోల మీద విసుక్కుంటూ అనే మాట, ఆ విసుగు కూడా వెంట వస్తుంది. ఆ తల్లికి విసుగు లేదు, భయం ఉంది. "నిశ్శబ్దం హోరుమంది" అని చూడండి.

గోదారిగట్టు: హోరు అంటే మాకు గాలివాన, గోదారి వరద. భయం ఉంది గానీ మరీ పెద్దదైపోదూ? నేనైతే "నిశ్శబ్దం చెవులకి తగిలింది" అంటాను.

సబ్‌టైటిల్స్ అమ్మాయి: రెండూ రాసి సీన్ మీద పెట్టి చూస్తా. ఫ్రిజ్ ఆగే క్షణంలో తగిలింది అన్నదే బాగా కుదిరేలా ఉంది.