ఉక్కపోతలో పరుగు: దాహం వేయకముందే తాగాలా?

బీచ్‌రోడ్డు కొత్తోడు:
విశాఖలో ఉంటాను. హాఫ్ మారథాన్ కోసం ఒక గ్రూపుతో పొద్దున్న 5:30కి, 29 డిగ్రీల ఉక్కలో పరిగెడుతున్నాను. బయల్దేరే ముందు లీటరు, తర్వాత ప్రతి 2 కిలోమీటర్లకి పావు లీటరు నీళ్ళు తాగాలి, దాహం వేసేదాకా ఆగకూడదు అంటున్నారు. నాకు కడుపులో నీళ్ళు గుడగుడలాడుతున్నాయి. ఇంత తాగుతున్నా పోయిన ఆదివారం మాలో ఒకాయనకి కళ్ళు తిరిగాయి. ఈ లెక్క సరైనదేనా?

పాతట్రాక్:
సరైనదే. దాహం వేసిందంటే అప్పటికే ఒంట్లో నీళ్ళు తగ్గాయన్నమాట. మేలో మన సముద్రం గాలికి చెమట ధారగా కారుతుంది. కారింది కారినట్టు నింపుకోవాలి. గుడగుడ రెండు వారాల్లో అలవాటైపోతుంది. ఆయనకి కళ్ళు తిరిగాయంటే తాగాల్సినంత తాగలేదు, అంతే.

గచ్చిబౌలి సైకిల్:
గా 29 డిగ్రీలకేనా ఇంత లొల్లి? మేం సాయంత్రం 38లో తొక్కుతం. ఒక బాటిల్ నీళ్ళు, అంతే.

చెమటలెక్క:
సైకిల్ గారూ, 38 అన్న ఒక్క అంకె చూసి పోల్చకండి. థర్మామీటరుకి తడిబట్ట చుట్టి చూస్తే మీ 38 దగ్గర, గాలిలో తేమ 25 శాతం ఉన్నప్పుడు, అది 23 దాకా దిగుతుంది. విశాఖలో 29, తేమ 85 శాతం అయితే 27 దగ్గరే ఆగిపోతుంది. మన ఒళ్ళూ ఆ తడిబట్టలాంటిదే. చెమట ఆరితేనే చల్లదనం. కారి నేలమీద పడిన చెమటతో నీళ్ళు పోతాయి, వేడి పోదు. పైగా మీరు తొక్కుతుంటే గాలి దానంతటదే ఒంటికి కొడుతుంది. పరిగెత్తేవాడికి అంత గాలి ఎక్కడిది? నడినెత్తిన ఎండ ఉంటే మాత్రం మీ కష్టం వేరు, అది ఈ లెక్కలో లేదు.

కొత్తోడు గారూ, లీటరు, పావు లీటరు అన్నవి ఎవరి చెమటకి కట్టిన లెక్కలు? మీ చెమట మీరే తూచుకోవచ్చు. పరుగుకి ముందు మూత్రానికి వెళ్ళొచ్చి, బట్టలు తీసేసి బరువు చూసుకోండి. ఒక గంట పరిగెత్తి, ఒళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసుకోండి. ఈ మధ్యలో ఎంత తాగారో కొలిచి ఉంచండి. కిలో తగ్గితే లీటరు పోయినట్టు.

కోనసీమ కుర్రాడు:
బరువు తగ్గడం గురించా? రెయిన్‌కోట్ వేసుకుని పరిగెడితే వారంలో 3 కిలోలు పోతాయంట, నిజమేనా అండీ?

చెమటలెక్క:
పోయేది నీళ్ళు, కొవ్వు కాదు. సాయంత్రానికి మళ్ళీ వచ్చేస్తుంది. ఈ ఉక్కలో రెయిన్‌కోట్ అంటే ఆరే కాస్త చెమటని కూడా ఆపేయడమే. దయచేసి వద్దు.

బీచ్‌రోడ్డు కొత్తోడు:
తూచాను. లేవగానే 64.0. గ్రూపు లెక్క ప్రకారం ముందు లీటరు, 12 కిలోమీటర్లలో ఆరుసార్లు పావు లీటరు, మొత్తం రెండున్నర లీటర్లు తాగాను. 80 నిమిషాల పరుగు. మధ్యలో రెండుసార్లు మూత్రానికి ఆగాను. తిరిగొచ్చాక 64.4.

చెమటలెక్క:
పెరిగిందా! మధ్యలో ఆగారు కాబట్టి చెమట ఎంతో దీన్నిబట్టి చెప్పలేం. ఇంకోసారి తూచండి. కానీ పరిగెత్తి వచ్చాక బరువు పెరగకూడదు. పెరిగిందంటే పోయినదానికన్నా ఎక్కువ తాగినట్టే. గంటలకొద్దీ ఇలా సాగితే రక్తంలో సోడియం పలచబడి మెదడు వాస్తుంది. తలనొప్పి, వాంతి, అయోమయం, వేళ్ళకి ఉంగరం బిగుసుకోవడం కనిపిస్తాయి. వీటిలో సగం వడదెబ్బలోనూ ఉంటాయి. అందుకే పక్కవాళ్ళు పొరబడి ఇంకా నీళ్ళు పట్టిస్తారు.

పాతట్రాక్:
అది విదేశాల్లో ఐదారు గంటలు నడుస్తూ పరిగెత్తేవాళ్ళ జబ్బు. మన దగ్గర ఎండకి పడిపోయేవాళ్ళే గాని నీళ్ళు ఎక్కువై పడిపోయినవాణ్ణి చూపించండి.

నెల్లూరు పెద్దాయన:
ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ. ఇంక గొడవెందుకు?

సీతమ్మధార:
నీళ్ళు నీళ్ళు అని అందరూ దానిమీదే పడ్డారు. ఆదివారం కళ్ళు తిరిగినాయన పక్కనే నేనున్నాను. ఆయన రెండు సీసాలు ఖాళీ చేశాడు. జనవరిలో కిలోమీటరుకి 6:15 పేస్, మేలోనూ 6:15. ఆయన వెనకబడితే ముందునించి "కమాన్ కమాన్" అని అరుపులు. వంకరగా అడుగులేస్తున్నా ఎవరూ ఆపలేదు. పాతట్రాక్ గారూ, ఆ అరిచింది మీరే కదా?

పాతట్రాక్:
అవునమ్మా, నేనే. పేస్ తగ్గించుకుంటూ పోతే రేసు రోజు ఏం పరిగెడతారు? అంత సుకుమారమైతే ఇంట్లో ట్రెడ్‌మిల్ ఉంది.

సీతమ్మధార:
మనిషి తూలుతుంటే సుకుమారం అంటారా!

చెమటలెక్క:
అసలు తగాదా ఇదన్నమాట. కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో ముప్పావు వంతు దాకా వేడిగానే మిగులుతుంది. వేగం పెంచితే వేడి పెరుగుతుంది. ఉక్కలో అది బయటికి పోదు. నీళ్ళు చెమటకి ముడిసరుకు మాత్రమే. గొంతుదాకా తాగినా 6:15 పేస్ పుట్టించే వేడి తగ్గదు. గుండె వేగం చూసుకోండి: జనవరిలో ఆ పేస్‌కి 150 కొట్టుకున్నది ఇప్పుడు 170 కొడుతుంటే, పేస్ తగ్గించి 150కి తేవాలి. ఈ వేడికి ఒళ్ళు అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అందుకే మొదటి వారం దూరం సగం చేస్తారు.

తల బరువెక్కడం, వికారం, కాళ్ళలో సత్తువ పోవడం, ఉక్కలోనూ ఒళ్ళు జలదరించడం కనిపిస్తే అక్కడితో ఆపాలి. నీడలో పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టి, చన్నీళ్ళు పోసి విసరాలి. స్పృహలో ఉండి వాంతి లేకపోతే కొద్దికొద్దిగా తాగించొచ్చు. "ఇవాళ ఏ వారం, ఎక్కడున్నాం" అని అడిగితే తికమక పడ్డా, చిరాకుపడి తోసేసినా అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. పరిగెత్తేవాళ్ళకి చెమట పడుతూనే వడదెబ్బ తగులుతుంది. 108కి ఫోన్ చేయండి, కానీ బండి వచ్చేదాకా చూస్తూ కూర్చోవద్దు. ఐసునీళ్ళలో ముంచిన తువాళ్ళు ఒళ్ళంతా కప్పి, వేడెక్కగానే మారుస్తుండాలి. నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు.

బీచ్‌రోడ్డు కొత్తోడు:
ఈసారి గంట పరుగు, మధ్యలో ఆగలేదు. ముందు 64.0, తాగింది పావు లీటరు, తర్వాత 62.9.

చెమటలెక్క:
1.1, దానికి 0.25 కలిపితే గంటకి 1.35 లీటర్ల చెమట. బరువులో 2 శాతం, అంటే మీకు 1.3 కిలోల దాకా తగ్గినా పర్వాలేదు. కాబట్టి గంట పరుగుకి పావు లీటరు సరిపోయింది. రెండున్నర గంటల హాఫ్‌కి దాదాపు 3.4 లీటర్లు పోతాయి. అందులో 2.1 తాగాలి, పావుగంటకి సుమారు 200 మిల్లీలీటర్లు. నెమ్మదిగా పరిగెడితే చెమట, దాంతోపాటు ఈ లెక్కా తగ్గుతాయి. దాహం లేకపోతే బలవంతంగా తాగొద్దు. అంతసేపు ఉత్తనీళ్ళు వద్దు, ఒక సీసాలో ఓఆర్‌ఎస్ పెట్టుకోండి. 20.5 గ్రాముల పొట్లం ఒకటి సరిగ్గా లీటరు నీళ్ళలో కలపాలి. తీపి డబ్బా పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. ఆ పేరు వాటిమీద వేయకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశమిచ్చింది కూడా.

పాతట్రాక్:
పావుగంటకి 200! నేను చెప్పిన 2 కిలోమీటర్లకి పావు లీటరుకి ఎంత దూరం? ఇన్నాళ్ళూ నా మీద పడ్డారు.

చెమటలెక్క:
హాఫ్‌కి దగ్గరే, ఒప్పుకుంటాను. మీరు దాన్ని 12 కిలోమీటర్లకీ అదే పెట్టారు, పైన ముందుగా లీటరు పోశారు. మరి పేస్ సంగతి?

పాతట్రాక్:
ముందు లీటరు తీసేస్తాను. పేస్ సంగతి ఆదివారం బీచ్‌లో మాట్లాడదాం.

సీతమ్మధార:
నేను తువాళ్ళు, ఐసు డబ్బా తెస్తున్నాను. 7:00 పేస్‌లో వచ్చేవాళ్ళు నాతో రండి.