వజూ ‘విరగడం’ ఏమిటి? పాలు విరిగినట్టా, కర్ర విరిగినట్టా?

విజయవాడ వన్‌టౌన్ నుంచి:
ప్రెస్సులో ప్రూఫులు చూస్తాను. నమాజు నేర్పే చిన్న పుస్తకం ఒకటి వచ్చింది, అందులో “రక్తం కారితే వజూ విరుగుతుంది” అని ఉంది. నేను “పాడవుతుంది” అని దిద్దితే రాసినాయన మళ్ళీ “విరుగుతుంది” అనే పెట్టారు. వజూ అంటే నమాజుకు ముందు కడుక్కోవడమే కదా, అది ఎలా విరుగుతుందండీ? మీ ఇళ్ళల్లో ఏమంటారు?

సత్యనారాయణపురం నుంచి:
గుడికెళ్ళే ముందు మనం కాళ్ళు కడుక్కోవడం లాంటిదే కదా, దేవుడి ముందుకు శుభ్రంగా వెళ్ళాలని. నెత్తురు అంటితే మైల. “మైలపడుతుంది” అని రాస్తే సరిపోతుంది.

గుంటూరు లాలాపేట నుంచి:
శుభ్రత సంగతి నిజమేనండీ, కానీ మైల అనే మాట మాత్రం ఇక్కడ అతకదు. ఒకాయన వజూ చేసుకుని కూర్చున్నాడు, అపానవాయువు వెళ్ళింది, వజూ పోయింది. ఒంటికి ఏమీ అంటలేదు, అయినా మళ్ళీ వజూ చేసుకోవాలి. అప్పుడు కడిగేది ముఖం, చేతులు, కాళ్ళు, అంతేగానీ గాలి పోయిన చోటు కాదు. నీళ్ళు దొరక్కపోతే శుభ్రమైన మట్టి మీద అరచేతులు తట్టి ముఖమూ చేతులూ తుడుచుకుంటే చాలు, దాన్ని తయమ్ముమ్ అంటాం. మురికి వదిలించడమే పని అయితే మట్టెందుకు? వజూ ఒక స్థితి, నమాజుకు నిలబడటానికి అర్హత. దీక్ష, ఉపవాసం ఎలాగో అలా. ఉపవాసం మైలపడింది అనం కదా, భంగమైంది అంటాం.

ఖురాన్ 5వ సూరా 6వ వాక్యంలో చెప్పినవి నాలుగే: ముఖం కడగడం, మోచేతుల దాకా చేతులు కడగడం, తల తడిచేత్తో తుడవడం, చీలమండల దాకా కాళ్ళు కడగడం. మనసులో సంకల్పం, బిస్మిల్లా, ముందుగా మణికట్టు దాకా చేతులు, నోరు పుక్కిలించడం, ముక్కులోకి నీళ్ళు ఎక్కించి చీదడం, ఇవన్నీ ప్రవక్త నడవడి నుంచి వచ్చినవి. కడిగేవి మూడేసి సార్లు, తల తుడవడం మాత్రం ఒక్కసారే. ఎక్కువమంది తప్పేది మడమ దగ్గర, మోచేతి వెనక. అక్కడ గోరంత పొడిగా మిగిలినా వజూ కాలేదన్నట్టే. గోళ్ళ రంగు నీటిని ఆపుతుంది, తీసేయాలి. గోరింటాకు రంగు ఆపదు.

అన్నట్టు, అరబీలో ‘వుదూ’ అంటే ఆ పని, ‘వదూ’ అంటే ఆ నీళ్ళు. ధాతువుకు కాంతి, అందం అని అర్థం. ఆ ‘ద’ పారశీకం, ఉర్దూల్లో ‘జ’గా పలికింది కాబట్టి మనకు వజూ అయింది.

తాడేపల్లి నుంచి:
నాదొక సందేహం, పదం గురించి కాదు, ఏమీ అనుకోకండి. నిన్న అసర్ నమాజుకు వజూ చేసుకున్నాక ఉల్లిపాయలు తరుగుతుంటే వేలు తెగింది. చుక్క వచ్చినప్పుడల్లా రుమాలుతో అద్దాను, కిందికి ఒక్క చుక్క కూడా కారలేదు. అలాగే నమాజు చదివేశాను. అయినట్టేనా?

లాలాపేట:
మన వైపు ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో, నెత్తురు గాయం అంచు దాటి పారితే వజూ పోతుంది. చుక్క పైకి ఉబ్బి అక్కడే నిలిచిపోతే పోదు. మీరు అద్దకుండా వదిలేస్తే పారేదా? పారేదనిపిస్తే పోయినట్టే, ఆ నమాజు మళ్ళీ చదువుకోండి భాయ్. వేలికి కట్టు కట్టి ఉండి తడి తగలకూడదంటే కట్టు మీద తడిచెయ్యి రాస్తే చాలు. ఇంకోటి, పోయిందేమో అన్న ఉత్త అనుమానంతో వజూ పోదు. చప్పుడో వాసనో తెలిసేదాకా నమాజు వదలొద్దని ప్రవక్త మాట. ఈ టెన్షన్‌తో ఒకే పూట నాలుగుసార్లు వజూ చేసుకునేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

గుంటూరు అరండల్‌పేట నుంచి:
మా హాస్టల్లో కేరళ అబ్బాయి రక్తానికి వజూ పోదంటాడు! పైగా భార్య చెయ్యి తగిలితే పోతుందంటాడు. మా ఇంట్లో సరిగ్గా తిరగేసి చెప్తారు.

లాలాపేట:
వాళ్ళు షాఫయీ పద్ధతి పాటించేవాళ్ళు అయ్యుంటారు. ఇది అచ్చంగా భాష గొడవే. నేను పైన చెప్పిన ఖురాన్ వాక్యంలోనే “లామస్తుమ్” అని ఉంది, స్త్రీలను తాకితే అని. షాఫయీలు దాన్ని ఉన్నదున్నట్టు తీసుకున్నారు, చర్మానికి చర్మం తగలడమని. హనఫీలు అది సంసారాన్ని మర్యాదగా చెప్పిన మాట అన్నారు. తెలుగులో ‘కలవడం’ లేదూ, అలా.

వన్‌టౌన్:
అయితే ‘పాడవుతుంది’ తీసేస్తాను. కానీ ‘విరుగుతుంది’ నాకింకా పాలనే గుర్తుచేస్తోంది.

లాలాపేట:
ఉర్దూలో ‘వజూ టూట్‌నా’ అంటారు, ఆయన దాన్నే తెలుగు చేసి ఉంటారు. పుస్తకాలకు ‘భంగమవుతుంది’ బాగుంటుంది. మా అమ్మయితే ఎప్పుడూ “వజూ ఉందా, పోయిందా?” అనే అడిగేది.

సత్యనారాయణపురం:
‘పోయింది’ అంటే పారేసుకున్నట్టు లేదూ? నేను ‘భంగం’ వైపే.