పల్లీ, జీడిపప్పు పడని రెండో తరగతి బాబుకి బాక్సులో ఏం పెట్టాలి?

లావణ్య, కూకట్‌పల్లి
మా బాబుకి ఏడేళ్లు. ఈమధ్య ఒక పెళ్లి విందులో పనీర్ కూర తిన్న కాసేపటికే పెదాలు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు వచ్చి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఆ గ్రేవీలో జీడిపప్పు ముద్ద ఉందట. పరీక్షలు చేయిస్తే జీడిపప్పుతో పాటు పల్లీ కూడా పడదని తేలింది. జీడిపప్పు పడనివాళ్లలో చాలామందికి పిస్తా కూడా పడదని డాక్టర్ అదీ ఆపేయమన్నారు. బాదం, అక్రోటు సంగతి తర్వాత పరీక్ష చేసి చెబుతానన్నారు.

స్కూల్లో పదిన్నరకి స్నాక్స్, పన్నెండున్నరకి భోజనం. రెండు బాక్సులు కట్టాలి. మా ఇంట్లో ఇడ్లీ, దోసె అంటే పల్లీ చట్నీయే. అత్తగారు, మావారు అది లేకుండా తినరు. వాళ్లకి మాన్పించకుండా వీడికి భయం లేకుండా బాక్స్ ఎలా కట్టాలో ఎవరైనా చెప్పండి. పొద్దున్నే టెన్షన్‌తో చేతులు ఆడటం లేదు.

శారద, రాజమండ్రి
అంత కంగారు పడకమ్మా. పులిహోరలో, ఉప్మాలో పల్లీలు, జీడిపప్పు కంటికి కనిపించేవే కదా, ఏరేసి పెట్టు. బలానికి రాత్రి నాలుగు బాదం గింజలు నానేసి పొద్దున పొట్టు తీసి బాక్సులో వెయ్యి. మా మనవలందరికీ అదే పెడతాం.

శ్రీవల్లి, తిరుపతి (పిల్లల ఆహార నిపుణురాలు)
శారద గారూ, గింజ కనిపిస్తే పిల్లాడే పక్కన పెట్టగలడు, అంతవరకు మీ మాట నిజమే. కానీ ఆ గింజ వేగిన నూనెలోనే పోపు పడింది, అదే అన్నమంతా పట్టింది. ఏరేసినా దాని ప్రోటీన్ అన్నంలోనే ఉంటుంది. వేయిస్తే పోయేదీ కాదు, పల్లీని నూనె లేకుండా దోరగా వేయిస్తే ఎలర్జీ గుణం ఇంకా పెరగొచ్చు కూడా. బాదం విషయంలో డాక్టర్ ఇంకా ఏమీ తేల్చలేదు కాబట్టి నానబెట్టినా సరే ఇప్పుడు వద్దు.

లావణ్య గారూ, మన వంటల్లో ఎక్కువ ప్రమాదం కనిపించని పల్లీ, జీడిపప్పుతోనే. కొబ్బరి చట్నీ చిక్కదనానికి గుప్పెడు పల్లీలు, గుత్తివంకాయ కూరలో పల్లీపొడి, బయటి కర్రీల్లో జీడిపప్పు ముద్ద, బీరకాయ వేపుడు మీద చల్లే పొడి. వీటిలో ఏదీ చూస్తే తెలియదు. మీ బాబుకి జరిగిందీ అదే.

అందుకే ముందు మిక్సీ చూడండి. చట్నీ జార్‌ని బోర్లించి బ్లేడు కింది రబ్బరు రింగు దగ్గర టార్చి వేసి చూస్తే, ఎంత కడిగినా గోధుమరంగు ముద్ద సన్నగా పట్టుకుని ఉంటుంది. మూత గాడిలోనూ అంతే. పైపైన కడిగితే అది పోదు. వీడి కోసం ఒక చిన్న జార్, దాని మూత విడిగా కొనండి. మీద ఎర్ర టేపు చుట్టి వేరే అరలో పెట్టండి. చెక్క గరిటెలు, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం కూడా విడిగా ఉంటేనే మంచిది. స్టీలు గిన్నెల్ని సబ్బుతో బాగా తోమితే సరిపోతుంది. పొద్దున ముందు వీడి బాక్స్ కట్టి మూత పెట్టేసి, ఆ తర్వాతే ఇంట్లోవాళ్లకి పల్లీ చట్నీ రుబ్బండి. ఈ వరస పాటిస్తే ఎవరికీ ఏదీ మాన్పించక్కర్లేదు.

రవి, ఖమ్మం
మా పాపకి పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనం. మేం పాలు తగ్గించి పెరుగు పెట్టాం, ఇప్పుడు బాగానే ఉంది. మీరు కూడా పల్లీలు కొంచెం కొంచెంగా అలవాటు చేసి చూడండి, ఒంటికి పడుతుంది.

శ్రీవల్లి, తిరుపతి
రవి గారూ, మీ పాపది పాలలోని చక్కెర అరగని ఇబ్బంది అయి ఉంటుంది. దాంట్లో కొద్దిగా తీసుకుంటే తట్టుకుంటారు, పెరుగు అందుకే పడింది. లావణ్య గారి బాబుది ఒంట్లోని రక్షణ వ్యవస్థే తిరగబడేది, కొద్ది మోతాదు కూడా ప్రమాదం కావచ్చు. కొంచెం కొంచెంగా అలవాటు చేసే చికిత్స ఉంది. కానీ అది ఎలర్జీ డాక్టర్ల పర్యవేక్షణలో, కొలతల ప్రకారం జరిగేది. ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి.

లావణ్య, కూకట్‌పల్లి
జార్ ఇవాళే కొంటాను. పల్లీ బదులు చట్నీలో పుట్నాలు వేస్తే సరిపోతుందా? శనగ కూడా పల్లీ జాతే అని మా ఆడపడుచు భయపెడుతోంది.

శ్రీవల్లి, తిరుపతి
రెండూ చిక్కుడు జాతివే, ఆవిడ చెప్పింది తప్పు కాదు. అయినా పల్లీ పడని పిల్లల్లో ఎక్కువమంది కంది, పెసర, మినుము, శనగ హాయిగా తింటారు. శనగ కూడా పడనివాళ్లు కొందరుంటారు. మీ బాబు ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేకుండా తింటున్న పప్పులు ఆపక్కర్లేదు. ఎప్పుడూ తినని పప్పు అయితే డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టండి.

పుట్నాలతో అసలు చిక్కు కిరాణా కొట్లో ఉంటుంది. డబ్బాల్లో, బస్తాల్లో పల్లీలు, పుట్నాలు పక్కపక్కనే ఉంటాయి, ఒకే గరిటెతో రెండూ తీస్తారు. పుట్నాల్లో పల్లీ బద్ద దొరకడం మీరూ చూసే ఉంటారు. విడి సరుకు మానేసి సీలు వేసిన ప్యాకెట్ కొనండి, వంటింట్లో దాని డబ్బా వేరుగా పెట్టండి.

ఇక బాక్స్. పొద్దున ఏడింటికి కట్టిన కొబ్బరి చట్నీ ఎండాకాలంలో పన్నెండున్నరకి పులిసిపోతుంది. దాని బదులు కారప్పొడి మేలు. కప్పు మినప్పప్పు, అరకప్పు శనగపప్పు, పది ఎండుమిర్చి, కాస్త జీలకర్ర విడివిడిగా దోరగా వేయించి, ఉప్పు, చిన్న చింతపండు రెబ్బతో ఎర్రటేపు జార్‌లో బరకగా పట్టండి. కారం తినకపోతే మిర్చి సగం చేయండి. చిన్న ఇడ్లీలకి నెయ్యి రాసి ఈ పొడిలో దొర్లించి పెడితే చట్నీ అక్కర్లేదు, చేతులకీ అంటదు. పులిహోరలో పల్లీ కరకర కావాలంటే పోపులో శనగపప్పు, మినప్పప్పు రెట్టింపు వేసి ఎర్రగా వేగనివ్వండి. పిల్లలకి తేడా తెలియదు.

పదిన్నర బాక్సుకి నేను ముందుగా చెప్పేది సున్నుండలు. గ్లాసు మినప్పప్పు కమ్మటి వాసన వచ్చేదాకా సన్న సెగ మీద వేయించి పొడి కొట్టి, ముప్పావు గ్లాసు బెల్లం తురుము కలిపి, కరిగిన నెయ్యి కొంచెం కొంచెంగా పోస్తూ ఉండ కట్టండి. పైన జీడిపప్పు అద్దకండి. బాదం నుంచి వస్తుందనుకునే బలం ఇందులోనూ ఉంది. మిగతా రోజుల్లో ఉడికించిన అలసందలు, మొక్కజొన్న, చిలగడదుంప, అరటిపండు సరిపోతాయి. స్వీట్ షాపు మిక్చర్ మాత్రం వద్దే వద్దు. పల్లీలు వేగిన నూనెలోనే కారప్పూస, బూందీ వేగుతాయి.

మాధురి, లండన్
మా అబ్బాయికీ ఇదే సమస్య. ఇక్కడ 2021 అక్టోబర్ నుంచి షాపులోనే చేసి ప్యాక్ చేసి అమ్మే శాండ్‌విచ్ మీద కూడా పదార్థాలన్నీ రాయాలి, ఎలర్జీ తెచ్చేవి స్పష్టంగా కనిపించాలి. ఇండియా వస్తే బేకరీలో ఏం అడిగినా ‘ఏం కాదు మేడమ్’ అంటారు. ప్యాకెట్ మీద ‘మే కంటైన్ నట్స్’ అని ఉంటే మేం అసలు ముట్టం. లావణ్య గారూ, మీరూ అదే నియమం పెట్టుకోండి.

శ్రీవల్లి, తిరుపతి
ఇక్కడ కూడా ప్యాకెట్ మీద పల్లీ, చెట్టు గింజలు, పాలు, గుడ్డు, సోయా లాంటివి ఉంటే ‘కంటైన్స్’ అని విడిగా రాయాలన్నది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. కిందనే ‘మే కంటైన్’ వరస ఉంటే చూడండి. మన ప్యాకెట్ల మీద పల్లీని ఎక్కువగా గ్రౌండ్‌నట్ అంటారు, ఉత్తరాది నమ్‌కీన్‌లో మూంగ్‌ఫలీ, సింగ్‌దానా అని కూడా ఉంటుంది. ప్రతిసారీ చదవండి, కంపెనీలు చెప్పకుండా పదార్థాలు మారుస్తాయి.

మాధురి గారి నియమం సురక్షితమే. కొందరు డాక్టర్లు పిల్లాడి తీవ్రతను బట్టి కొన్నిటికి ఒప్పుకుంటారు కూడా, ఇది మీరూ మీ డాక్టరూ తేల్చుకోవాలి. నాకు ఎక్కువ భయం ఆ మాట రాయని చిన్న ప్యాకెట్ల మీదే. రాయలేదంటే కలవలేదని అర్థం కాదు.

మాధురి, లండన్
ఒక్క ఫ్యాక్టరీ పొరపాటు చాలు కదండీ. ఇందులో నేను మెట్టు దిగను.

సునీత, గుంటూరు జిల్లా (టీచర్)
నేను ప్రభుత్వ బడిలో పనిచేస్తాను. మా దగ్గర మధ్యాహ్న భోజనంలో కొన్ని రోజులు పల్లీ చిక్కీ ఇస్తారు. అలాంటి రోజు పక్క పిల్లల చేతులు, బెంచీ అంతా జిగురే. లావణ్య గారి బాబు స్కూల్లో అది లేకపోయినా పక్కవాడి బాక్సులో పల్లీపట్టీ ఉండొచ్చు. మా తరగతిలో ఇలాంటి పాప ఉంటే తిన్నాక అందరి చేత సబ్బుతో చేతులు కడిగించేదాన్ని. శానిటైజర్ రాసుకుంటే పల్లీ జిడ్డు పోదు, ఇది చాలామంది టీచర్లకి తెలియదు. బెంచీని తడిగుడ్డతో, సబ్బు నీళ్లతో తుడవాలి.

పుట్టినరోజు చాక్లెట్లే పెద్ద తలనొప్పి. మీరు చదివి సరే అనుకున్న చాక్లెట్లు ఒక డబ్బాలో వేసి క్లాస్ టీచర్ దగ్గర పెట్టండి, ఎవరు పంచినా మీ బాబుకి ఆ డబ్బాలోంచి ఇస్తారు. ‘బాక్స్ పంచుకోవద్దు’ అని మీవాడికి చెప్పడమే కాదు, టీచర్‌కి కాగితం మీద రాసివ్వండి. ఏమేం తినకూడదో, ఏ లక్షణం కనిపిస్తే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో.

శ్రీవల్లి, తిరుపతి
ఆ కాగితంలో ఒక వాక్యం పెద్ద అక్షరాలతో ఉండాలి: గొంతు బొంగురుపోయినా, ఊపిరి ఆడకపోయినా, వాంతులతో వాడిపోయినా సిట్రిజిన్ సిరప్ పోసి ఎదురుచూడొద్దు. అది దద్దుర్లకే. ప్రాణం కాపాడేది అడ్రినలిన్ ఇంజక్షన్, తొడ కండకి వేస్తారు. 108కి ఫోన్ చేయాలి, పిల్లాణ్ణి నడిపించకూడదు. అడ్రినలిన్ స్కూల్లో ఉంచాలా, ఎవరు వేయాలి అన్నది మీ డాక్టర్‌తో రాయించుకోండి.

లావణ్య, కూకట్‌పల్లి
మా స్కూలు వాళ్లు మందులేవీ ఉంచుకోం అంటున్నారు. డాక్టర్ లెటర్ తీసుకెళ్లి మళ్లీ అడుగుతాను. ఎవరైనా ఒప్పించి ఉంటే ఎలా మాట్లాడారో చెప్పండి.

శారద, రాజమండ్రి
అమ్మాయ్, వీడికి నేను జంతికలు చేసి పంపనా? బియ్యప్పిండి, వాము, వెన్న, అంతే. మా ఇంట్లో నూనె మాత్రం గానుగది, వేరుశనగదే.

శ్రీవల్లి, తిరుపతి
గానుగ నూనెలో పల్లీ ప్రోటీన్ మిగిలే ఉంటుందండీ, అది వద్దు. కొత్త పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ విప్పి, పల్లీలు ఎప్పుడూ వేయించని మూకుట్లో చేయండి. జంతికల గొట్టం పల్లీ పిండివంటలకి వాడింది కాకుండా చూసుకోండి, దాని రంధ్రాల్లో పిండి ఎండిపోయి ఉంటుంది.