పెళ్లికూతురి బుగ్గల ఎరుపు తగ్గిస్తే ముఖం సున్నం కొట్టినట్టవుతోంది, ఎలా?

గుంటూరులో మే నెల పెళ్లి. హోమం సెగకి అమ్మాయి బుగ్గలు, ముక్కు కొస బాగా కందిపోయాయి. ఫోటోషాప్‌లో హ్యూ/శాచురేషన్ లేయర్ వేసి, రెడ్స్‌లో శాచురేషన్ 30 తగ్గించాను. ఎరుపు పోయింది గానీ బుగ్గలు బూడిద రంగుకి తిరిగాయి. పైగా పెదాలు, కల్యాణ తిలకం, చీర అంచు కూడా వెలిసిపోయాయి.

తర్వాత వేరేలా చేశాను. హ్యూని చివరికంటా జరిపి, రంగు మారిన చోటు బుగ్గల వరకే మిగిలేలా కింది రేంజ్ స్లైడర్లు దగ్గరికి లాగాను. ఐ డ్రాపర్‌తో చూస్తే నుదుటి హ్యూ 24, బుగ్గది 8. అందుకని హ్యూ +16 పెట్టి, మాస్క్ నల్లగా చేసి, బుగ్గల మీద మెత్తటి బ్రష్‌తో పూశాను. బూడిద రంగు రాలేదు కానీ ముఖమంతా ఒకే రంగు, పిండిబొమ్మలా ఉంది. వాళ్లమ్మగారు చూసి "మా పిల్లేనా బాబూ?" అన్నారు!

ఇప్పుడు +8 దగ్గర ఆపి, శాచురేషన్ 5 మాత్రమే తగ్గించాను. కొంచెం ప్రాణం వచ్చింది. కానీ కందిన చోటు చుట్టుపక్కల కంటే ముదురుగానే కనిపిస్తోంది. దీనికి లైట్‌నెస్ పెంచాలా, విడిగా కర్వ్స్ వేయాలా? చెవులు, ముక్కు కొసల సహజమైన ఎరుపు ఎంత ఉంచుతారు? అదే ఫ్రేమ్‌లోని మెడ రంగుతో పోల్చి చూస్తారా?