"బొట్టు పెట్టి పిలవాలా?" అనే మాట వెనక

లావణ్య (విజయవాడ): రమ్మన్నా రానివాళ్ళని "నీకు బొట్టు పెట్టి పిలవాలా" అంటాం కదా, అది పేరంటం పిలుపు నుంచి వచ్చిందేనా? ఈ దసరాకి మొదటిసారి బొమ్మల కొలువు పెడుతున్నా. వాట్సాప్‌లో పిలుస్తానంటే అత్తయ్య ఒప్పుకోవట్లేదు.

రమాదేవి (గుంటూరు): అక్కడిదేనమ్మా. కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, బొట్టు పెట్టి "సాయంత్రం మా ఇంట్లో కొలువు పేరంటం, పిల్లల్ని తీసుకుని రండి" అని చెప్పేవాళ్ళం. అత్తాకోడళ్ళుంటే ఇద్దరికీ పెట్టాలి. కోడలికి పెట్టి వంటింట్లో ఉన్న అత్తగారిని వదిలేస్తే ఆవిడ రాదు, "నన్నెవరు పిలిచారు" అంటుంది. ఆ మాటలో నిష్ఠూరం అందుకే, బొట్టు పెట్టి పిలిచేది బయటివాళ్ళని, మనవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే రావాలని.

శ్రీనివాస్: మెట్లు తొమ్మిది ఉండాలంటారు, మా హాల్లో ఐదే పడతాయండీ.

రమాదేవి: ఐదు చాలు బాబూ, బేసి సంఖ్య చూసుకుంటారు, మూడైనా పెడతారు. కలశం, దేవుళ్ళు పైన, పెళ్ళి ఊరేగింపు, పల్లెటూరు లాంటివి కింద. కొండపల్లి బొమ్మల్ని మాత్రం తడిగుడ్డతో తుడవకండి, పాత వాటికి రంగు చేతికి వచ్చేస్తుంది. పొణికి కర్ర తేలిక, సన్నటి బొమ్మలు ఫ్యాన్ గాలికి ఒరుగుతాయి, వెనక మెట్టుకి ఆనించి పెట్టండి.

హైమ (విజయవాడ): మాది ఈసారి దుర్గమ్మ అలంకారాల థీమ్, బాలా త్రిపురసుందరి నుంచి రాజరాజేశ్వరి దాకా. వాయనంగా స్టీలు గిన్నెలు తెచ్చా. ఇచ్చేటప్పుడు "ఇస్తినమ్మ వాయనం" అనాలిగా?

రమాదేవి: అది నోములకీ వ్రతాలకీ. కొలువుకి వచ్చినవాళ్ళకి ఇచ్చేది తాంబూలం. పసుపు, కుంకుమ, రెండు ఆకులు, వక్క, రెండు అరటిపళ్ళు, నానబెట్టిన శనగలు, స్తోమతుంటే జాకెట్టు ముక్క. గిన్నె కూడా ఇవ్వు, తప్పేం లేదు. లావణ్యా, పాతికమంది వస్తారనుకుంటే ఆకులు వంద తెచ్చుకో, చిరిగినవి తీసేయగా సరిపోతాయి. రెండు కిలోల శనగలు ముందు రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్ళు వార్చి గుడ్డ మీద ఆరనివ్వు. తడిగా కవర్లో కడితే సాయంత్రానికి జిగురొచ్చి వాసన పడతాయి. జాకెట్టు ముక్క మీటరుది తీసుకో, ఎనభై సెంటీమీటర్లది చాలామందికి చాలదు, పక్కింటికి చేతులు మారుతూ పోతుంది.

హైమ: మూలా నక్షత్రం రోజు మాత్రం పేరంటం పెట్టుకోకు లావణ్యా. కొండ దగ్గర ఆ రద్దీలో వన్‌టౌన్ వాళ్ళు ఇల్లు దాటలేరు.

పద్మజ (తెనాలి): మా పెద్దమ్మకి బాబాయిల పెళ్ళిళ్ళ నాటి నుంచీ కొలువంటే ప్రాణం. పెదనాన్న పోయాక ఎవరూ బొట్టు పెట్టి పిలవలేదు, రావడం మానేసింది. అలాంటివాళ్ళకి ఫోన్ పిలుపే నయం కదా?

రమాదేవి: మా ఇంట్లో ఎవరొచ్చినా తాంబూలం ఇస్తాం పద్మజా, బొమ్మలు చూడడానికి వచ్చినవాళ్ళలో తేడా ఏమిటి? మా వదిన మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు.

లావణ్య: సరే, వీధిలో వాళ్ళకి భరిణెతో వెళ్తా, దూరం వాళ్ళకి ఫోన్. పద్మజ గారూ, మీ పెద్దమ్మగారిని తీసుకురండి, నేనే ఫోన్ చేసి పిలుస్తా.